పన్నెండు యూనివర్సిటీలకు అప్లై చేయాలంటే రెండు లక్షలా?

"అక్కా, మాది దేవరకొండ దగ్గర ఊరు. నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను, 78 శాతం. ఏడాదిన్నరగా చౌటుప్పల్ దగ్గర ఒక ఫార్మా కంపెనీలో క్యూసీలో చేస్తున్నా, చేతికి 17 వేలు వస్తాయి. అమెరికాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేయాలని ఉంది. సీటు వస్తే ఫీజు ఉండదు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, అది తెలుసు. కానీ అప్లై చేయడానికే పైసలు లేవు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు పన్నెండు యూనివర్సిటీలకు వేయాలి, అన్నీ కలిపి రెండు లక్షల పైన అవుతుంది అన్నారు. నాన్నకు మూడెకరాల పత్తి, అమ్మ బట్టలు కుడుతుంది, చెల్లె డిగ్రీలో ఉంది. నాన్న రెండు రూపాయల మిత్తికి తెస్తానంటున్నాడు, నాకు భయమేస్తోంది. ఫీజు మాఫీ చేసే వేవర్ అని ఒకటి ఉంటుందంట, మనలాంటోళ్లకు నిజంగా ఇస్తారా? బీసీ సర్టిఫికెట్ పనికొస్తుందా? మామయ్యేమో ఓవర్సీస్ విద్యానిధి పెట్టుకో అంటాడు. రూమ్మేట్ ఒకడు ఫామ్‌లో మెక్‌నేర్ స్కాలర్ అని టిక్ పెడితే ఫీజు అడగదు అన్నాడు. ఏం చేయమంటారు?"

తమ్ముడూ, ముందు ఆ అప్పు సంగతి. నాన్నను ఒక నెల ఆగమను. రెండు రూపాయల మిత్తి అంటే రెండు లక్షలకు నెలకు నాలుగు వేలు, నీ జీతంలో దాదాపు నాలుగో వంతు. అదీ సీటు వస్తుందో రాదో తెలియని కాగితాల కోసం. నీ ఉత్తరం ఆగస్టులో వచ్చింది, అమెరికాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీల గడువులు ఎక్కువగా డిసెంబర్ 1 నుంచి 15 మధ్యన పడతాయి, కొన్ని జనవరికి పోతాయి. అంటే నీకు మూడు నెలల పైనే టైమ్ ఉంది. ఈ విషయంలో పైసల కంటే టైమే ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకో కింద చెప్తాను.

ఆ రెండు లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి విప్పి చూద్దాం. డాలర్ 90 రూపాయలు అనుకుందాం, లెక్క తేలికవుతుంది. అప్లికేషన్ ఫీజు ఎక్కువ చోట్ల 75 నుంచి 125 డాలర్ల మధ్య ఉంటుంది, సగటున 90 వేసుకుంటే పన్నెండింటికి 1,080 డాలర్లు, అంటే 97,200 రూపాయలు. జీఆర్ఈ పరీక్షకు 22 వేల పైన. పరీక్ష రోజున నలుగురికి స్కోరు ఉచితంగా పంపుకోవచ్చు, మిగతా ఎనిమిదింటికి ఒక్కోదానికి 40 డాలర్ల చొప్పున వేస్తే 28,800. టోఫెల్‌కు ఒక 17 వేలు, అక్కడా నాలుగు ఉచితం, మిగతా ఎనిమిదింటికి 25 డాలర్ల లెక్కన 18 వేలు. డిగ్రీ మార్కులను అమెరికా లెక్కలోకి మార్చే ఎవాల్యుయేషన్‌కు ఇరవై వేల చుట్టూ. కలిపితే రెండు లక్షల మూడు వేలు దాటుతుంది. కన్సల్టెన్సీ వాళ్లు అబద్ధం చెప్పలేదు. కాకపోతే అన్ని పరీక్షలూ రాసి, అందరికీ స్కోర్లు పంపి, ఒక్కచోట కూడా ఏమీ అడగకుండా అప్లై చేసే మనిషికి అయ్యే ఖర్చు అది. ఇంకో మాట గమనించు, అందులో సగానికి పైన అప్లికేషన్ ఫీజే కాదు. కాబట్టి ఒక్క ఫీజు వేవర్ మీదే ఆశ పెట్టుకుంటే సగం పనే అవుతుంది.

ముందు తేలిగ్గా పోయేవి తీసేద్దాం. జీఆర్ఈ. అమెరికాలో చాలా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లు పీహెచ్‌డీకి జీఆర్ఈ అడగడం మానేశాయి. డిపార్ట్‌మెంట్ పేజీలో `GRE not required` అనో `GRE not accepted` అనో రాసి ఉంటుంది. రెండో రకం అయితే స్కోరు పంపినా చూడరు. `GRE optional` అని ఉంటే మాత్రం కాస్త ఆలోచించాలి, నీ మార్కులు బాగానే ఉన్నాయి కాబట్టి నేనైతే మానేస్తాను. మొదటి రెండు రకాల డిపార్ట్‌మెంట్లు మాత్రమే నీ లిస్టులో పెట్టుకుంటే ఒక్క దెబ్బకు యాభై వేలు పోతాయి. జీఆర్ఈ ఫీజులో తగ్గింపు ఇస్తారు కదా అని ఎవరైనా అంటే, ఆ పథకం అమెరికా పౌరులకు, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్లకు. మనకు కాదు.

ఎవాల్యుయేషన్ కూడా ఇప్పుడే చేయించకు. అప్లికేషన్ దశలో చాలా యూనివర్సిటీలు నువ్వు స్కాన్ చేసి ఎక్కించిన మార్కుల మెమోలనే చూస్తాయి, అసలు కాగితాలు సీటు వచ్చాక అడుగుతాయి. ముందే కావాలనే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటిని నీ లిస్టు చివరికి నెట్టు. సెమిస్టర్ మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, అన్నీ ఇప్పుడే శుభ్రంగా స్కాన్ చేసి పెట్టుకో. ఫోన్ నీడ పడిన ఫోటోలు వద్దు.

ఇంగ్లీష్ పరీక్షలో రెండు దారులున్నాయి, దేని కష్టం దానిదే. డ్యుయోలింగో పరీక్ష 70 డాలర్ల చుట్టూ ఉంటుంది, ఇంట్లోనే రాయొచ్చు, ఎన్ని యూనివర్సిటీలకైనా స్కోరు ఉచితంగా పంపొచ్చు. అయితే అన్ని గ్రాడ్యుయేట్ స్కూళ్లూ దాన్ని ఒప్పుకోవు. కెమిస్ట్రీలో ఇంకో మెలిక ఉంది. నీకు ఇచ్చే స్టైపెండ్ మొదటి ఏడాది ఎక్కువగా ల్యాబ్ క్లాసులు చెప్పించుకుని ఇస్తారు కాబట్టి స్పీకింగ్ స్కోరు విడిగా చూస్తారు, డ్యుయోలింగో రాస్తే అక్కడికి పోయాక ఇంకో మాట్లాడే పరీక్ష పెట్టే చోట్లున్నాయి. టోఫెల్ రాస్తే ఆ గొడవ తక్కువ, కానీ పదివేలు ఎక్కువ, పైగా ఉచితంగా పంపుకునేది నలుగురికే, అదీ పరీక్షకు ముందే పేర్లు ఎంచుకోవాలి. లిస్టు తేలకముందే టోఫెల్ రాసేసి, తర్వాత ఒక్కోదానికి 25 డాలర్లు కట్టేవాళ్లే ఎక్కువ. కాబట్టి లిస్టు ముందు, పరీక్ష తర్వాత. లిస్టులో ఉన్నవన్నీ డ్యుయోలింగో తీసుకుంటే అదే రాయి. రూమ్‌లో ఇంటర్నెట్ మధ్యలో పోయే రకమైతే మాత్రం ఒక రోజు సెలవు పెట్టి కరెంటు, నెట్ నమ్మకంగా ఉండే చోట రాయి.

ఇక అసలు విషయం, ఫీజు వేవర్. ఉంటుంది, మనలాంటోళ్లకూ ఇస్తారు, కానీ అది ఒకే పథకం కాదు. ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో రూలు, ఒక్కోసారి అదే యూనివర్సిటీలో కెమిస్ట్రీకి ఒకటి, ఫిజిక్స్‌కు ఇంకొకటి. ఆన్‌లైన్‌లో తిరిగే "వంద ఉచిత యూనివర్సిటీల లిస్టు"లు నమ్మకు, సగం పాతవి, మిగతా సగం అమెరికా వాళ్లకు రాసినవి. ఇలా వెతుకు:

```
"application fee waiver" international chemistry PhD site:edu
```

వచ్చిన ప్రతి పేజీలో ఒకే ఒక్క వాక్యం కోసం చూడు: `U.S. citizens and permanent residents`. వేవర్ పేజీ ఎంత ఆశగా రాసి ఉన్నా ఆ మాట ఉంటే ఆ దారి నీకు మూసినట్టే. ఉదాహరణకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తీసుకో, బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ లాంటి క్యాంపస్‌లు. అక్కడ ఇంటర్నేషనల్ వాళ్లకు ఫీజు 150 డాలర్లు దాటుతుంది, వేవర్ మాత్రం సాధారణంగా పౌరులకు, శాశ్వత నివాసులకే. అక్కడ ప్రొఫెసర్ పని నీకు బాగా నచ్చితే డబ్బు కట్టి వేయి, పేరు చూసి మాత్రం వేయకు.

ఆ మాట లేని చోట నాలుగు రకాలు కనిపిస్తాయి. మొదటిది, అసలు ఫీజే లేని ప్రోగ్రాములు, లేదా పీహెచ్‌డీకి వేసే అందరికీ డిపార్ట్‌మెంటే ఫీజు తీసేసేవి. ఇవి తక్కువే కానీ ఉన్నాయి, ముందు వీటిని ఏరుకో. రెండోది, ఇబ్బందులు చూపిస్తే గ్రాడ్యుయేట్ స్కూల్ ఇచ్చే వేవర్. ఇక్కడే ఆదాయ కాగితాలు కావాలి. మూడోది, ఆన్‌లైన్ పరిచయ సభలకు హాజరైతే ఇచ్చే కోడ్. నాలుగోది, ఎక్కడా రాసి ఉండదు, అడిగితే ఇస్తారు. ఇవి కాక కొన్ని యూనివర్సిటీలు దేశాన్ని బట్టి ఇస్తాయి, కానీ వాళ్లు చూసేది ఐక్యరాజ్యసమితి వెనుకబడిన దేశాల జాబితా లాంటివి, అందులో నేపాల్, బంగ్లాదేశ్ ఉన్నాయి, భారత్ లేదు. అక్కడ "మా దేశం పేదది" అని వాదించి లాభం లేదు, మీ ఇంటి సంగతే చెప్పాలి.

ఆదాయం ఎలా చూపించాలో కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం తీసుకో. పేరు, తండ్రి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా, ఇంగ్లీష్‌లో ఉందా, తేదీ ఈ ఏడాదిదేనా అని అక్కడే నిలబడి చూసుకో. అమ్మా నాన్నల ఆదాయం కలిపి అందులో ఏడాదికి 96 వేలు అని వస్తుందనుకో. కానీ నువ్వు సంపాదిస్తున్నావు కదా, నెలకు 17 వేలంటే ఏడాదికి రెండు లక్షల నాలుగు వేలు. చాలామంది ఇది దాస్తారు, తండ్రి సర్టిఫికెట్ ఒక్కటే పంపుతారు, తీరా రెజ్యూమెలో ఉద్యోగం రాస్తారు, రెండూ ఒకే ఆఫీసు ముందుకు పోతాయి. దాచాల్సిన అవసరమే లేదు. రెండూ కలిపితే మూడు లక్షలు, 3,300 డాలర్ల చుట్టూ. నలుగురున్న ఇంటికి అమెరికా ప్రభుత్వం 2025లో పెట్టుకున్న పేదరికపు హద్దు 32,150 డాలర్లు, మన లెక్కలో 29 లక్షల దగ్గర. మీ ఇంటి మొత్తం ఆదాయం అందులో పదో వంతు. కాబట్టి నిజం మొత్తం రాయి, నీ పే స్లిప్ కూడా పెట్టు. చదివేవాళ్లకు అర్థమయ్యేలా పక్కన డాలర్ల లెక్క, ఆ 96 వేలలో అమ్మ కుట్టు పనిది ఎంతో కూడా ఒక లైన్‌లో వేయి. బీసీ సర్టిఫికెట్ అక్కడ దేనికీ పనికిరాదు, ఇంట్లోనే పెట్టుకో.

కోడ్‌లు ఇచ్చే సభలు సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఎక్కువ. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ వాళ్లు గంటసేపు జూమ్‌లో మాట్లాడతారు, చివర్లోనో రెండు రోజుల తర్వాతో మెయిల్‌లో కోడ్ వస్తుంది. ఇందులో నాకు తెలిసిన తిరకాసులు మూడు. రిజిస్టర్ అయిన మెయిల్ ఐడీ, అప్లికేషన్ పెట్టే మెయిల్ ఐడీ ఒకటే ఉండాలి, లేకపోతే కోడ్ పనిచేయదు. పేరు ఇచ్చి రాకపోయినా, మధ్యలో వెళ్లిపోయినా కోడ్ రాకపోవచ్చు. ఇక టైమ్. అక్టోబర్‌లో అమెరికా తూర్పు వైపు మధ్యాహ్నం పన్నెండు అంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగు అంటే మనకు తెల్లవారుజామున ఒంటిగంటన్నర. నీకు నైట్ షిఫ్టులు ఉంటే ఆ నెల రోస్టర్ వేయకముందే సూపర్‌వైజర్‌తో మాట్లాడుకో. ఒక్క రాత్రి మేల్కొంటే ఎనిమిది, తొమ్మిది వేలు మిగులుతాయి, నీ లెక్కలో అది పదిహేను రోజుల జీతం.

ఏమీ రాసి లేని చోట్ల మెయిల్ రాయాలి. ఎవరికి రాయాలన్నది ముఖ్యం. ప్రొఫెసర్‌కు కాదు, డిపార్ట్‌మెంట్ పేజీలో `Graduate Program Coordinator` అని ఒకరి పేరు ఉంటుంది, వాళ్లకు. ప్రొఫెసర్‌కు రాసే మొదటి మెయిల్‌లో ఆయన పని గురించి, నీ ప్రాజెక్టు గురించి మాత్రమే ఉండాలి, అందులో డబ్బు మాట ఎత్తితే మిగతాది చదవరు. ఆయన నీ మీద ఆసక్తి చూపించి, అప్లై చెయ్యి అని జవాబిస్తే, అప్పుడు డిపార్ట్‌మెంట్ తరఫున ఫీజు మినహాయింపు ఏమైనా ఉంటుందా అని మర్యాదగా అడగొచ్చు, ఒక్కోసారి ఆయనే ఆఫీసుకు ఒక మాట చెప్తారు.

కోఆర్డినేటర్‌కు రాసే మెయిల్ ఎనిమిది లైన్లు దాటకూడదు. ఇంగ్లీష్‌లోనే రాస్తావు కానీ అందులో ఉండాల్సింది ఇదీ: "వచ్చే ఫాల్ సెమిస్టర్‌కు కెమిస్ట్రీ పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నాను, ఫలానా ప్రొఫెసర్ పని నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు దగ్గరగా ఉంది. మా ఇంట్లో నలుగురం, మొత్తం ఆదాయం ఏడాదికి సుమారు 3,300 డాలర్లు. మీ ఫీజు నా నెల జీతంలో సగం. ఇంటర్నేషనల్ అప్లికెంట్లకు వేవర్ ఉందా, ఉంటే ఏ కాగితాలు ఎప్పటిలోగా పంపాలి? ఆదాయ ధ్రువపత్రం, పే స్లిప్ నా దగ్గర ఉన్నాయి." అంతే. నాన్న అప్పు, పత్తికి తగిలిన వాన, అవి వద్దు. వాళ్లకు కావాల్సింది ఒక అంకె, ఒక కాగితం, ఒక తేదీ. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చెయ్యి, అప్పటికీ రాకపోతే వదిలేయి. అడిగితే సీటు పోతుందేమో అని భయపడకు. ఫీజు సంగతి సాధారణంగా ఆఫీసు చూసుకుంటుంది, నీ ఫైలు చదివే ప్రొఫెసర్ల దాకా అది పోదు.

ఇప్పుడు టైమ్ గురించి ఎందుకన్నానో చెప్తా. వేవర్ అడగడం అప్లికేషన్ సబ్మిట్ చేయకముందే జరగాలి. కొన్ని చోట్ల ఫామ్‌లోపలే వేవర్ అడిగే పేజీ ఉంటుంది, కొన్ని చోట్ల విడిగా ఫామ్ పెట్టి, వాళ్లు సరే అన్నాకే ఫీజు పేజీలో సున్నా కనిపిస్తుంది. చూడటానికి వాళ్లకు వారం, రెండు వారాలు పడుతుంది, పైగా వేవర్ అడిగే గడువు అప్లికేషన్ గడువు కంటే ముందే ఉండొచ్చు. గడువుకు రెండు రోజుల ముందు కూర్చుంటే కట్టడం తప్ప దారి ఉండదు. కట్టిన ఫీజు తిరిగి ఇవ్వరు. ఇది నా అనుభవమే. మాది పాలమూరు, నేను అప్లై చేసిన ఏడాది ఒక యూనివర్సిటీకి గడువు రోజు రాత్రి బావ కార్డుతో 95 డాలర్లు కట్టేసి, పడుకునే ముందు వాళ్ల ప్రశ్నల పేజీ చదివితే మనలాంటోళ్లకు వేవర్ ఉంది, వారం ముందు అడగాలి అని రాసుంది. మెయిల్ పెట్టాను, జవాబు రెండు లైన్లు, సారీ అని. సీటు కూడా రాలేదు, అది వేరే సంగతి.

నీ పన్నెండు పేర్లను ఈ లెక్కలో పెట్టి చూద్దాం. ఊహకే అనుకో, కానీ ఇంచుమించు ఇలాగే తేలుతుంది. రెండు చోట్ల ఫీజే లేదు. మూడు చోట్ల ఇంటర్నేషనల్ వాళ్లకు ఆదాయం చూసి ఇస్తారు, అందులో రెండు ఇచ్చారు, ఒకటి కాదంది. నాలుగు చోట్ల పౌరులకు మాత్రమే. మూడు చోట్ల ఏమీ రాసి లేదు, మెయిల్ పెడితే ఒకరు సభకు రమ్మని కోడ్ ఇచ్చారు, ఒకరు లేదన్నారు, ఒకరు జవాబే ఇవ్వలేదు. అంటే ఉచితంగా ఐదు. మిగిలిన ఏడింటిలో నీ పనికి నిజంగా దగ్గరగా ఉన్న ప్రొఫెసర్లు ఇద్దరో ముగ్గురో ఉన్న చోట్లు మూడు ఎంచుకో, వాటికి కట్టు. మూడు తొంభైలు 270 డాలర్లు, 24,300 రూపాయలు. కార్డు మీద విదేశీ మారకం ఛార్జీ మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ, ఇంకో వెయ్యి. డ్యుయోలింగో 6,300. మొత్తం 32 వేల లోపే. టోఫెల్ రాస్తే, ఎనిమిదిలో నలుగురికి ఉచితం పోను మిగతా నలుగురికి తొమ్మిది వేలు, పరీక్షకు 17 వేలు, అప్పుడు 51 వేల చుట్టూ అవుతుంది. అప్పు లేకుండా నీ జీతంలో నెలకు కొంత పక్కన పెట్టుకుంటూ నవంబర్‌కు చేరుకోగల మొత్తం మొదటిదే, రెండోదానికి నాన్న కొంచెం సర్దాల్సి వస్తుంది.

కార్డు గురించి ఒక్క మాట. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసుకో, కొన్ని పోర్టళ్లలో రూపే కార్డు పడదు, వీసా కానీ మాస్టర్‌కార్డ్ కానీ ఉన్నది చూసుకో.

ఎనిమిదే వేస్తే అవకాశం తగ్గదా అంటావు. తగ్గుతుంది, కొంచెం. పేర్లు చూసి వేసిన పన్నెండు కంటే ప్రొఫెసర్లను చూసి వేసిన ఎనిమిది మేలని నా అభిప్రాయం. ఒక్కోదానికి స్టేట్‌మెంట్ విడిగా రాయాలి, రికమెండేషన్ రాసే సార్లు ముగ్గురూ ఎనిమిదిసార్లు ఎక్కించాలి, పన్నెండోదానికి వచ్చేసరికి ఎవరికీ ఓపిక ఉండదు. నీ దగ్గర పన్నెండుకూ డబ్బున్నా నేను ఇదే చెప్పేదాన్ని.

ఆ మెక్‌నేర్ టిక్ మాత్రం పెట్టకు. అది అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్న, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే పిల్లలను పీహెచ్‌డీ వైపు తెచ్చే అక్కడి ప్రభుత్వ కార్యక్రమం. ఆ టిక్ పెట్టినవాళ్లను ఏ కాలేజీ, ప్రోగ్రాం డైరెక్టర్ ఎవరు అని అడుగుతారు, కాగితం కావాలంటారు. అప్లికేషన్ చివర్లో అన్నీ నిజమే అని నువ్వే సంతకం పెడతావు, తర్వాత ఎప్పుడు బయటపడ్డా సీటు తీసేయొచ్చు. తొంభై డాలర్ల కోసం అంత పని వద్దు.

మామయ్య చెప్పిన విద్యానిధి సంగతి. అది మన రాష్ట్రంలో మంచి పథకమే, బీసీ పిల్లలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఉన్నది 20 లక్షల దాకా ఇస్తుంది. కానీ అది సీటు వచ్చాక అడిగేది, అప్లికేషన్ ఫీజులకు ఇవ్వరు. స్టైపెండ్ వచ్చే పీహెచ్‌డీకి నీకు దాని అవసరం కూడా పెద్దగా పడదు. ఒకవేళ పీహెచ్‌డీ కాకుండా సొంత ఖర్చుతో ఎమ్మెస్ వైపు పోవాలనుకుంటే అప్పుడు లెక్క తిరగబడుతుంది. ఆ ఎంపికలో జీఆర్ఈ, టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ మార్కులు చూస్తారు. యూనివర్సిటీ అడగలేదు కదా అని జీఆర్ఈ మానేసి, తీరా విద్యానిధి దగ్గర వెనకబడినవాళ్లు ఉన్నారు. కాబట్టి పీహెచ్‌డీనా, ఎమ్మెస్సా అన్నది జీఆర్ఈ మానేయకముందే తేల్చుకో.

ఇంకో దారి నువ్వు అడగలేదు కానీ చెప్తా, ఎందుకంటే అక్కడ ఫీజన్నదే లేదు. యూరప్‌లో, స్వీడన్, నెదర్లాండ్స్, జర్మనీ లాంటి చోట్ల పీహెచ్‌డీ సీటును చాలావరకు ఉద్యోగంలా ప్రకటిస్తారు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినట్టే పెడతావు, డబ్బు కట్టేది ఉండదు. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థల పీహెచ్‌డీ స్కూళ్లు ఉన్నాయి, వాటికీ ఫీజు లేదు. `EURAXESS` అనే సైట్‌లో కెమిస్ట్రీ అని వెతికితే ప్రకటనలు దొరుకుతాయి, ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. నీకు ఎమ్మెస్సీ ఉండటం అక్కడ కలిసొస్తుంది, ఎందుకంటే సాధారణంగా వాళ్లకు మాస్టర్స్ కావాలి. దీనిలో కష్టం ఏంటంటే ఒక్కో సీటు ఒక్కో ప్రాజెక్టుకే, ఆ పని నీకు వచ్చా అని సూటిగా చూస్తారు, అమెరికాలో లాగా వచ్చాక ఏ ల్యాబో ఎంచుకునే వెసులుబాటు ఉండదు. నీ క్యూసీ అనుభవం, హెచ్‌పీఎల్‌సీ లాంటి ల్యాబ్ మెషిన్ల మీద చేసిన పని ఇలాంటి చోట బాగా చెప్పుకోవచ్చు. అమెరికా ఎనిమిదితో పాటు నెలకు రెండు ఇలాంటివి వేసినా నీకు అయ్యే ఖర్చు ఆదివారాలే.

ఈ వారం చేయాల్సింది రెండే. మీసేవకు పోయి ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టు. రాత్రి కూర్చుని ఒక షీట్‌లో పన్నెండు పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన ఫీజు ఎంత, జీఆర్ఈ కావాలా, డ్యుయోలింగో తీసుకుంటారా, వేవర్ ఎవరికి, వేవర్ గడువు ఎప్పుడు అని ఐదు గళ్లు నింపు. ఆ షీట్ నిండాక కూడా యాభై వేలు దాటుతుంటే మళ్లీ రాయి, ఏ పేర్లు తీసేయాలో చూద్దాం.